కుడిచేతి పటం, ఎడమచేతి అల్లిక

క్రోషే పుస్తకాల్లోని బొమ్మలు దాదాపు అన్నీ కుడిచేతివాటం వాళ్ల కోసం గీసినవే. కుడిచేతిలో సూది, ఎడమచేతి వేళ్లకు చుట్టుకున్న దారం, కుడి అంచున మొదలై ఎడమవైపు సాగే వరస. ఎడమచేతివాటం ఉన్నవాళ్లు సూదిని తమకు వాటమైన చేతిలోకి తీసుకోగానే పని ఎదురు దిశలో నడుస్తుంది. వరస ఎడమ అంచున మొదలై కుడికి సాగుతుంది. గుండ్రంగా అల్లేటప్పుడు కుడిచేతివాళ్ల పని గడియారం ముల్లుకు ఎదురుగా తిరిగితే, ఎడమచేతివాళ్ల పని ముల్లు తిరిగే దారిలోనే తిరుగుతుంది. అలా అల్లిన గుడ్డలో లోపమేమీ ఉండదు. అది అద్దంలో చూసిన ప్రతిబింబం, అంతే.

ఎడమచేతివాళ్లకు అందరూ ఇచ్చే సలహా ఒకటుంది: బొమ్మలో ఉన్నదంతా తిరగేసి చేసుకుంటే సరి అని. ఆ సలహాలో ‘అంతా’ అన్న మాటతోనే తంటా. అద్దం ఎడమను కుడిగా, కుడిని ఎడమగా చూపిస్తుంది గానీ పైనున్నదాన్ని కిందికి దించదు. అల్లికలోనూ అంతే. ఎడమ కుడి, గడియారపు దిశ, ఏటవాలు ఏ పక్కకు వాలింది అన్నవి మాత్రమే మారతాయి. ముందు వెనక మారవు. పై కింద మారవు. ఎన్ని కుట్లు, ఏది ముందు ఏది తరవాత అన్న వరస కూడా మారదు. నేర్చుకునేవాళ్లు చేసే పొరపాట్లలో ఎక్కువ భాగం, మార్చకూడనిదాన్ని మార్చడం వల్ల వచ్చేవే.

దీనికి మంచి ఉదాహరణ సూది మీద దారం వేసుకోవడం. ప్రతి కుట్టులోనూ వచ్చే కదలిక ఇది. కుడిచేతి బొమ్మలో దారం సూది వెనక నుంచి లేచి, సూది మీదుగా ముందుకు వచ్చి, కొక్కెంలో పడుతుంది. ఎడమచేతిలో సూది ఉన్నా దారం రావలసింది ఇలాగే: వెనక నుంచి, పైగా, ముందుకు. మారేది సూది మొన చూసే దిక్కు ఒక్కటే. కుడిచేతివాళ్ల సూది మొన ఎడమకు చూస్తుంది, ఎడమచేతివాళ్లది కుడికి. అయితే కొన్ని పుస్తకాలు ఈ కదలికను సూది చుట్టూ తిరిగే బాణంతో చూపిస్తాయి. ఎడమచేతివాళ్లు ఆ బాణాన్ని అద్దంలో తిప్పకుండా ఉన్నదున్నట్టు అనుసరిస్తే దారం సూది మీదుగా కాక కింద నుంచి వచ్చి పడుతుంది. అప్పుడు కూడా కుట్టు పడుతుంది, ఊడిపోదు. అందుకే తప్పు వెంటనే తెలియదు. పొట్టి కుట్లు అల్లిన ముక్కను ముందువైపు నుంచి చూస్తే మాత్రం బయటపడుతుంది. మామూలుగా ఒక్కో కుట్టు పాదం దగ్గర రెండు పోగులు కింద కలిసి పైకి విడిపోతూ కనిపించాలి. దారం కింద నుంచి పడ్డ చోట ఆ రెండూ ఒకదాన్నొకటి కోసుకుని ఇంటూ గుర్తులా కనిపిస్తాయి. అల్లిక కూడా కాస్త బిగుసుకుంటుంది. ఊలు బొమ్మలు అల్లేవాళ్లు కొందరు ఈ బిగువు కోసమే కావాలని అలా వేస్తారు. తెలియకుండా కొన్ని కుట్లు ఒకలా, కొన్ని మరొకలా పడితేనే గుడ్డ ఎగుడుదిగుడుగా తయారవుతుంది.

కాబట్టి ఏ బొమ్మనైనా మొదట మాటల్లోకి మార్చుకుని చూడడం మేలు. ‘సూదిని కుట్టులోకి ముందు నుంచి వెనక్కి గుచ్చాలి’ అన్న వాక్యంలో ఎడమా లేదు, కుడీ లేదు. దాన్ని ముట్టుకోనక్కర్లేదు. ‘కుట్టు పైభాగంలో ఉన్న రెండు పోగుల్లో వెనకదాన్ని మాత్రమే అందుకోవాలి’ అన్నా అంతే. ‘నిలువు కాడకు కుడి పక్కన గుచ్చి, వెనకగా తెచ్చి, ఎడమ పక్కన పైకి తీయాలి’ అన్నప్పుడు రెండు చోట్ల దిక్కుంది. ఆ రెండూ మార్చాలి: ఎడమ పక్కన గుచ్చి కుడి పక్కన తీయాలి. ‘వెనకగా’ అన్నది మాత్రం వెనకగానే ఉంటుంది.

ఒకరి చేతిని చూసి నేర్చుకోవడంలో ఇదే చిక్కు ఇంకో రూపంలో వస్తుంది. పశ్చిమ గోదావరి జిల్లాలో నరసాపురం చుట్టుపక్కల ఊళ్లలో లేసు అల్లిక పుస్తకాల వల్ల కాక, ఇంట్లో పెద్దవాళ్ల పక్కన కూర్చుని చూడడం వల్లనే తరాలుగా నడిచింది. ఈ క్రోషే లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. కుడిచేతివాటం పిల్ల పక్కన కూర్చుంటే చాలు, చూసింది చూసినట్టు చేయొచ్చు. పుర్రచేతివాటం పిల్ల నేర్పేవాళ్లకు ఎదురుగా కూర్చోవాలి. అప్పుడు నేర్పేవాళ్ల కుడిచేయి పిల్ల ఎడమచేతికి ఎదురుగా ఉంటుంది. వాళ్ల వరస ఎటు జరిగితే ఈ పిల్ల వరసా అటే జరుగుతుంది. దిక్కుల వరకు ఇది చక్కగా కుదురుతుంది. అయితే ఎదురుగా కూర్చున్నవాళ్లకు కనిపించేది అల్లిక వెనకవైపు. నేర్పేవాళ్లు దారాన్ని తమకు వెనకగా పెట్టుకుంటే చూసేవాళ్లకు అది ముందున్నట్టు కనిపిస్తుంది. అందుకని చేతులు జరిగే దిక్కును ఎదురుగా కూర్చుని చూసి, సూది ఎక్కడ గుచ్చుతున్నారో మాత్రం ఒకసారి నేర్పేవాళ్ల భుజం మీదుగా తొంగి చూడాలి.

పుస్తకంలోని బొమ్మకైతే నిజం అద్దమే పనికొస్తుంది. చిన్న అద్దాన్ని బొమ్మ పక్కన నిలువుగా ఆనించి అందులో చూస్తే ఎడమచేతి బొమ్మ సిద్ధం. అక్షరాలు, అంకెలు తిరగబడతాయి కాబట్టి రాతను పుస్తకంలోనే చదువుకోవాలి. ఫోనులో ఫొటో తీసుకుని ఎడమ కుడి తారుమారు చేసినా ఫలితం అదే. పుస్తకాన్ని తలకిందులు చేసి చూస్తే మాత్రం పని జరగదు. అలా తిప్పితే ఎడమ కుడితో పాటు పై కింద కూడా మారిపోతాయి. పైగా గడియారానికి ఎదురుగా తిరిగే బాణం తలకిందులైనా ఎదురుగానే తిరుగుతుంది.

ఇంతవరకు ఒక్కో కుట్టు సంగతి. కుట్టు కుదిరాక అసలు పరీక్ష చార్టు దగ్గర వస్తుంది. చార్టును కూడా అద్దంలో తిప్పాలా అన్న ప్రశ్నకు చాలామంది తప్పు జవాబు చెబుతారు. కుట్టు బొమ్మ చేతులు ఎలా కదలాలో చెబుతుంది కాబట్టి దాన్ని తిప్పాలి. చార్టు చెప్పేది గుడ్డ ఎలా కనిపించాలన్నది. కావలసిన గుడ్డ చార్టులో ఉన్నట్టే ఉండాలంటే చార్టును తిప్పకూడదు, చదివే దిశను మార్చాలి. ఈ తేడా చిన్న ఉదాహరణతో తేలిగ్గా అర్థమవుతుంది.

గళ్ల లేసు తీసుకుందాం. ఇందులో ప్రతి గడీ మూడు కుట్ల వెడల్పు. ఖాళీ గడి అంటే రెండు గొలుసులు, వాటి తరవాత ఒక పొడుగు కుట్టు. నిండు గడి అంటే మూడూ పొడుగు కుట్లే. ఈ పొడుగు కుట్టును బ్రిటిష్ పుస్తకాలు ట్రెబుల్ అంటాయి, అమెరికా పుస్తకాలు డబుల్ క్రోషే అంటాయి. ఇక్కడ ట్రెబుల్ అనే అందాం. అయిదు గళ్ల వెడల్పు, అయిదు వరసల ఎత్తులో, కుడివైపు ఎక్కే మెట్ల నమూనా ఇది. నల్ల గడి నిండుది, తెల్ల గడి ఖాళీది.

```
   □ □ □ □ ■  5
4  □ □ □ ■ ■
   □ □ ■ ■ ■  3
2  □ ■ ■ ■ ■
   ■ ■ ■ ■ ■  1
```

పక్కనున్న అంకె ఆ వరస ఏ అంచున మొదలవుతుందో చెబుతుంది. ఒకటి, మూడు, అయిదు వరసల అంకెలు కుడి అంచున ఉన్నాయి కాబట్టి ఇది కుడిచేతివాళ్ల చార్టు. ఎడమచేతివాళ్లు చేయవలసిన మార్పు ఒక్కటే. గళ్లను కదపకుండా అంకెలను అటువి ఇటు, ఇటువి అటు పెన్సిలుతో రాసుకోవాలి. ఒకటి, మూడు, అయిదు ఎడమ అంచుకు, రెండు, నాలుగు కుడి అంచుకు వస్తాయి.

అయిదు గళ్లకు మొత్తం పదహారు కుట్లు కావాలి: గడికి మూడు చొప్పున పదిహేను, అంచుకు ఒకటి. మొదటి వరస అంతా నిండు గళ్లే కాబట్టి 18 గొలుసులు వేసి, సూది దగ్గర నుంచి నాలుగో గొలుసులో మొదటి ట్రెబుల్ వేయాలి. వదిలేసిన మూడు గొలుసులు ఒక ట్రెబుల్‌గా లెక్కకు వస్తాయి. చివరి గొలుసు దాకా గొలుసుకొకటి వేసుకుంటూ పోతే పదహారు కుట్లు పూర్తవుతాయి. ఎడమచేతివాళ్ల పని ఇప్పుడు కుడి అంచున ఆగి ఉంటుంది.

గుడ్డను తిప్పితే వెనకవైపు ఎదుటికి వస్తుంది. చేతిలో పని మళ్లీ ఎడమ నుంచి కుడికే సాగుతుంది. అయితే చార్టులో రెండో వరసను కుడి నుంచి ఎడమకు చదవాలి, ఎందుకంటే గుడ్డ తిరిగింది. కుడి నుంచి చదివితే నాలుగు నిండు గళ్లు, తరవాత ఒక ఖాళీ గడి. ట్రెబుల్ స్థానంలో మూడు గొలుసులు వేసి, తరవాతి పన్నెండు కుట్ల మీద పన్నెండు ట్రెబుళ్లు వేయాలి. రెండు గొలుసులు వేసి, రెండు కుట్లు వదిలి, చివరిదాని మీద ఒక ట్రెబుల్ వేస్తే వరస ముగుస్తుంది.

మూడో వరసలో గుడ్డ ముందువైపు మళ్లీ ఎదుటికి వస్తుంది. చార్టును ఎడమ నుంచి కుడికి చదివితే రెండు ఖాళీ గళ్లు, మూడు నిండు గళ్లు. వరస ఖాళీ గడితో మొదలవుతోంది కాబట్టి అయిదు గొలుసులు వేయాలి: మూడు ట్రెబుల్ బదులు, రెండు గడిలోని ఖాళీ కోసం. కింది వరసలోని రెండు గొలుసులు వదిలి తరవాతి ట్రెబుల్ మీద ఒకటి, మళ్లీ రెండు గొలుసులు, రెండు కుట్లు వదిలి మరొకటి. అక్కడి నుంచి అంచు దాకా తొమ్మిది ట్రెబుళ్లు. ఆఖరిది కింది వరస మొదట్లో వేసిన మూడు గొలుసుల్లో పైదాంట్లో పడాలి. దాన్ని వదిలేస్తే పదహారుకు బదులు పదిహేనే వస్తాయి, అంచు లోపలికి జరుగుతుంది.

నాలుగో వరస కుడి నుంచి చదివితే రెండు నిండు, మూడు ఖాళీ. మూడు గొలుసుల మీద ఆరు ట్రెబుళ్లు, తరవాత మూడు ఖాళీ గళ్లు. ఆఖరి ట్రెబుల్ మూడో వరస మొదట్లో వేసిన అయిదు గొలుసుల్లో కింది నుంచి మూడోదాంట్లో పడుతుంది. అయిదో వరస ఎడమ నుంచి: నాలుగు ఖాళీ, ఒక నిండు. దీంతో మెట్లు చార్టులో ఉన్నట్టే కుడివైపు ఎక్కుతాయి.

ఇదే నమూనాకు కుడిచేతివాళ్ల కోసం మాటల్లో రాసిన సూచనలున్నాయనుకుందాం. కుడిచేతివాళ్లు రెండో వరసను ఎడమ అంచు నుంచి మొదలుపెడతారు కాబట్టి అందులో రెండో వరస ‘అయిదు గొలుసులు, రెండు కుట్లు వదిలి ఒక ట్రెబుల్, తరవాత పన్నెండు ట్రెబుళ్లు’ అని ఉంటుంది. ఎడమచేతివాళ్లు దీన్ని అక్షరం మార్చకుండా అల్లినా పని నడుస్తుంది. కుట్ల లెక్క ఎక్కడా తప్పదు. కానీ ఆ ఖాళీ గడి కుడి అంచున పడుతుంది, మెట్లు ఎడమవైపు ఎక్కుతాయి. చార్టును ఫోనులో తిప్పేసుకుని, ఎడమ అంచు నుంచి అల్లినా ఇదే వస్తుంది. గుర్తుంచుకోవలసిన సూత్రం ఇది: రాసిన మాటలను ఉన్నవున్నట్టు అనుసరిస్తే గుడ్డ మీద ప్రతిబింబం వస్తుంది. చార్టును ఉన్నదున్నట్టు పెట్టి ఎడమ నుంచి మొదలుపెడితే అదే బొమ్మ వస్తుంది. రెండూ కలిపి సగం మాటలు, సగం చార్టు చూస్తూ అల్లితే ఏదీ రాదు.

మెట్లు ఎటు ఎక్కినా కొంపలేమీ మునగవు. కానీ ఆ గళ్లలో ఒక పేరో, అక్షరమో ఉంటే తిప్పిన చార్టు వల్ల అక్షరాలు అద్దంలోవి అయిపోతాయి. ఎడమచేతివాళ్లు ఎక్కువగా దెబ్బ తినేది ఇక్కడే. గళ్ల లేసుకు ఒక వెసులుబాటుంది. ప్రతి వరసకూ గుడ్డను తిప్పుతూ అల్లడం వల్ల రెండు వైపులా దాదాపు ఒకేలా ఉంటాయి. పొరపాటున తిరగబడిన పేరును గుడ్డ వెనకవైపు నుంచి చూస్తే సరిగ్గానే చదవొచ్చు. విప్పకుండా ఆ వైపునే ముందువైపుగా వాడుకోవచ్చు. రెండు రంగుల దారాలతో గుండ్రంగా అల్లే సంచులకు ఈ సౌకర్యం లేదు. వాటిలో గుడ్డ తిరగదు, ముందువైపే ఎప్పుడూ ఎదుట ఉంటుంది. కుడిచేతివాళ్లు చార్టులోని ప్రతి చుట్టునూ కుడి నుంచి ఎడమకే చదువుతారు. ఎడమచేతివాళ్లు ప్రతి చుట్టునూ ఎడమ నుంచి కుడికే చదవాలి.

చతురస్రపు ముక్కలకు, పువ్వులకు, బల్ల మీద వేసే గుండ్రటి లేసులకు ఈ బాధ చాలావరకు లేదు. వాటి ఎడమ సగం, కుడి సగం ఒకటే. బాణం గడియారానికి ఎదురుగా ఉంటే దాన్ని గడియారం దారిలో చదువుకుంటే చాలు. ప్రతి చుట్టూ ముగిసే అతుకు మాత్రం చుట్టు చుట్టుకూ కాస్త పక్కకు జరుగుతుంది. కుడిచేతి పనిలో కుడికి, ఎడమచేతి పనిలో ఎడమకు. పుస్తకంలోని ఫొటోతో పోల్చి ఇది తప్పనుకోనక్కర్లేదు.

ఒంటి మీద వేసుకునే వాటికి ఇంకో లెక్కుంది. ముందు తెరుచుకునే స్వెటరును కుడిచేతి మాటల ప్రకారం ఎడమచేతివాళ్లు అల్లితే, పుస్తకం ఎడమ ముందు భాగం అన్నది కుడి ముందు భాగంగా తయారవుతుంది, కుడిది ఎడమదవుతుంది. రెండూ అల్లుతారు కాబట్టి ముక్కల పేర్లు మార్చుకుని కుడితే స్వెటరు సరిగ్గానే వస్తుంది. బొత్తాం కాజాలు మాత్రం ఎదుటి పక్కకు పోతాయి. ఆడవాళ్ల చొక్కాల్లో కుడి పక్కన ఉండవలసిన కాజాలు మగవాళ్ల చొక్కాల్లోలా ఎడమ పక్కకు చేరతాయి. అది ఇష్టం లేకపోతే కాజాల సూచనలను పుస్తకం రెండో భాగంగా చెప్పినదానికి మార్చి అల్లాలి.

రెండు సూదులతో చేసే ఊలు అల్లికలో సంగతి కొంచెం వేరు. అక్కడ రెండు చేతులకూ పని ఉంటుంది కాబట్టి ఎడమచేతివాటం వాళ్లు చాలామంది కుడిచేతి పద్ధతినే నేర్చుకుని సాఫీగా అల్లుకుపోతారు. అద్దం పద్ధతిలో అల్లాలనుకునేవాళ్లు కుట్లు తగ్గించే చోట జాగ్రత్తపడాలి. రెండు కుట్లను కలిపి మామూలుగా అల్లితే కుడిచేతి పనిలో ఆ కుట్టు కుడికి వాలుతుంది. అద్దం పద్ధతిలో ఎడమకు వాలుతుంది. చార్టులో గీత ఎటు వాలి ఉందో చూసి, తమ చేతిలో అటు వాలే తగ్గింపును ఎంచుకోవాలి. గుర్తు పక్కన రాసిన పేరును నమ్ముకుంటే భుజం దగ్గర రావలసిన గీతలు రెండూ తప్పు పక్కకు వాలతాయి.

పని సరైన దారిలో ఉందో లేదో తెలుసుకోవడానికి రెండు వరసలు పూర్తయ్యాక ఒకసారి ఆగి చూస్తే చాలు. ముందువైపు ఎదుట పెట్టుకున్నప్పుడు, మొదట ముడి వేసిన దారపు కొస ఎడమచేతివాళ్ల గుడ్డకు కింద కుడి మూలన వేలాడాలి. కుడిచేతివాళ్లకైతే ఎడమ మూలన. పుస్తకంలోని ఫొటోలో కొస ఎడమ మూలన కనిపించి, చేతిలోని గుడ్డకు కుడి మూలన ఉంటే దిశ సరిగ్గా ఉన్నట్టే. చేతిలోనూ ఎడమ మూలనే ఉంటే ఎదుట ఉన్నది వెనకవైపు అన్నమాట. అప్పుడు వరస ఏ అంచు నుంచి చదవాలో మళ్లీ చూసుకోవాలి. ఆ కొసకు వేరే రంగు దారం ముక్క కట్టి ఉంచుకుంటే, పెద్ద దుప్పటి అల్లేటప్పుడు కూడా ముందువైపు ఏదో వెతుక్కోవలసిన అవసరం ఉండదు.